వాకిన్ ఇంటర్వ్యూ ప్రకటన రాయడం: అనంతపురంలో నా అనుభవం

పెనుకొండ దగ్గరి ఒక వాహన విడిభాగాల కర్మాగారం వాళ్లు మా ఏజెన్సీకి పంపిన వివరాలు అరపేజీ కూడా లేవు. "ఐటీఐ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, డిప్లొమా మెకానికల్ అభ్యర్థులు కావలెను. వయసు 18 నుంచి 26. అన్ని సర్టిఫికెట్లతో, ఫార్మల్ దుస్తులలో ఉదయం 9:30కు హాజరు కాగలరు. ఆకర్షణీయమైన జీతం." కింద వేదికగా అనంతపురంలోని ఒక ప్రైవేటు ఐటీఐ పేరు ఉంది. పోస్టరు బొమ్మను వాళ్లే తయారు చేయించారు. దాని కింద వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెట్టే వివరణ రాయడం నా పని. మా ఆఫీసులో దాన్ని క్యాప్షన్ అంటాం.

ఈ పనిలో చేరినప్పటి నుంచి నేను గమనిస్తున్న విషయం ఒకటుంది. ఇంటర్వ్యూకు వచ్చి గేటు దగ్గర నుంచే వెనక్కి వెళ్లేవాళ్లలో చాలామందికి అర్హత ఉంటుంది. ఒకరి దగ్గర ఒక కాగితం ఉండదు, ఒకరు చెప్పులతో వస్తారు, మరొకరు అదే పేరున్న ఇంకో ప్రాంగణానికి వెళ్లి పదకొండింటికి చేరుకుంటారు. మడకశిర నుంచో రాయదుర్గం నుంచో తెల్లవారకముందే బయలుదేరిన పిల్లవాడికి ఆ రోజు కూలీ పోతుంది, బస్సు ఛార్జీలు పోతాయి. వాళ్లను వెనక్కి పంపేది ప్రకటనలో చెప్పకుండా వదిలేసిన మాటే. అందుకే రాయడానికి కూర్చునే ముందు కంపెనీ హెచ్‌ఆర్ అధికారికి ఫోను చేసి, ప్రతి వాక్యం మీదా ప్రశ్నలు అడిగాను. ఆయన మొదట కొంచెం విసుక్కున్నారు. "అందరూ ఇలాగే వేస్తారు కదమ్మా" అన్నారు. తర్వాత ఓపికగానే సమాధానాలు చెప్పారు.

ముందుగా "అన్ని సర్టిఫికెట్లు" అన్న మాట తీసుకున్నాం. అన్నీ అంటే ఎన్ని? మా జిల్లాలో ఈ మాట చదివిన ఇంట్లో పెట్టె మొత్తం తెరుస్తారు. పదో తరగతి మెమో, ఐటీఐ మెమోలు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, రేషన్ కార్డు, పాన్, బ్యాంకు పాస్‌బుక్కు, అన్నింటికీ రెండేసి జిరాక్సులు. ఇంటర్వ్యూ రోజున వీటిలో మీరు నిజంగా చూసేవి ఏవని ఆయన్ని అడిగాను. మూడే తేలాయి. పదో తరగతి మెమో చూస్తారు, ఎందుకంటే పేరూ పుట్టిన తేదీ అందులో ఉన్నట్టే రాసుకుంటారు. ఐటీఐ సర్టిఫికెట్టో డిప్లొమా మెమోనో చూస్తారు, ట్రేడు తెలియడానికి. ఆధార్ చూస్తారు, వచ్చిన మనిషి అతనేనని నిర్ధారించుకోవడానికి. బ్యాంకు పాస్‌బుక్కు, పాన్ కార్డు ఎంపికైన తర్వాత జీతం ఖాతా కోసం అడుగుతారు. కులం, ఆదాయం సర్టిఫికెట్లతో ఈ ఉద్యోగానికి పనే లేదు.

అందుకని జాబితాలోంచి అక్కరలేనివన్నీ తీసేశాను. ఇది జిరాక్సు ఖర్చు కోసం మాత్రమే కాదు. ఒక్కరోజులో అంతమంది పాస్‌బుక్కుల, ఆధార్ల నకళ్లు మా బల్ల మీద పోగుపడితే వాటిని భద్రంగా ఉంచే బాధ్యత కూడా మాదే అవుతుంది. అక్కరలేని కాగితం తీసుకోకపోవడమే మంచిది. ఆధార్ నకలు ఇవ్వాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనిపించకుండా చివరి నాలుగే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలని కంపెనీ ఒప్పుకుంది. దాన్ని ఆధార్ వెబ్‌సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

తర్వాతి ప్రశ్న ఒరిజినల్స్ గురించి. ఇది చాలా సున్నితమైనది. ఫీజు బకాయి ఉందనో, రీయింబర్స్‌మెంట్ ఇంకా జమ కాలేదనో కళాశాలలో సర్టిఫికెట్లు ఆగిపోయిన పిల్లలు మా దగ్గరికి ఎప్పుడూ వస్తూనే ఉంటారు. "ఒరిజినల్స్ తప్పనిసరి" అని రాస్తే వాళ్లు అసలు బయలుదేరరు. ఒరిజినల్ లేకపోతే ఏం చేస్తారని అడిగితే, డిజిలాకర్‌లో ఉన్న మెమోను ఫోనులో చూపించినా ఇంటర్వ్యూకు కూర్చోబెడతామని హెచ్‌ఆర్ అధికారి చెప్పారు. చేరే రోజుకు మాత్రం ఒరిజినల్ చూపించాలి, లేదా అది తమ దగ్గర ఉందని కళాశాల రాసిచ్చిన కాగితం తేవాలి. ఈ రెండు ముక్కలూ ప్రకటనలోకి వచ్చాయి. డిజిలాకర్‌లోంచి నేరుగా తెరిచిన మెమో వేరు, మెమోకు ఫోనుతో తీసిన ఫొటో వేరు. రెండోది ఎవరైనా మార్చగలరు కాబట్టి అది చెల్లదు. ఈ తేడా తెలియక గ్యాలరీలో ఉన్న ఫొటో చూపించేవాళ్లు చాలామంది ఉంటారని "ఫొటో చెల్లదు" అని విడిగా రాశాను.

దానితోపాటే మరో మాట రాయించాను: ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇచ్చేస్తాం, ఎవరి దగ్గరా వదలవద్దు. దీని మీద మా ఆఫీసులో కొంత చర్చ జరిగింది. ఇలా రాస్తే మన మీద మనమే అనుమానం కలిగించినట్టు ఉంటుందని మా సార్ అన్నారు. ఉద్యోగం మధ్యలో మానేయకుండా ఒరిజినల్స్ దగ్గర పెట్టుకునే చోట్లు ఉన్నాయని తల్లిదండ్రులు విని ఉంటారు, ఆ భయం వాళ్లకు ముందే ఉందని నేను వాదించాను. ఆయన ఒప్పుకున్నారు.

పేర్ల సంగతి దీనికంటే చిక్కు. మన దగ్గర పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది. కొన్నిసార్లు తారుమారుగా ఉంటుంది. పుట్టిన తేదీ కూడా అంతే. చిన్నప్పుడు ఆధార్ తీసుకున్నప్పుడు ఏ కాగితమూ చూపించకుండా వయసు మాత్రమే చెప్పినవాళ్లకు జనవరి ఒకటో తేదీ పడింది. ఉద్యోగంలో చేరాక పీఎఫ్ ఖాతా ఆధార్‌లోని పేరుతోనే తెరుచుకుంటుంది. కంపెనీ రికార్డులో మెమో ప్రకారం ఒక తేదీ, పీఎఫ్‌లో ఇంకో తేదీ ఉంటే, రేపు డబ్బు తీసుకోవాల్సి వచ్చినప్పుడు దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది.

తాడిపత్రి నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తి చేసింది. మెమోలో పుట్టిన తేదీ ఆగస్టులో ఉంది, ఆధార్‌లో జనవరి ఒకటి. "మేడమ్, రేపే ఆధార్ సెంటర్‌కు వెళ్లి మార్పించుకుని రమ్మంటారా?" అని అడిగింది. ఊళ్లో ఎవరో పుట్టిన సర్టిఫికెట్టు ఇంకో తేదీతో తీసి ఇస్తామన్నారట. కంగారు పడవద్దని చెప్పాను. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు, పేరును రెండుసార్లు. ఉన్న ఆ ఒక్క అవకాశాన్ని తప్పు కాగితంతో వాడేస్తే తర్వాత ప్రాంతీయ కార్యాలయం దాకా తిరగాలి. ఇంటర్వ్యూకు ఎలా ఉందో అలాగే రమ్మని, ఎంపికైతే పదో తరగతి మెమోనే ఆధారంగా చూపించి తేదీ సరిచేయించుకొమ్మని చెప్పాను. ఇలాంటివాళ్లు ఇంకా ఉంటారు కదా అని ఆ మాటే ప్రకటనలో చేర్చాను: తేడా ఉన్నా రండి, కంగారుగా మార్పించుకోవద్దు.

ఇక దుస్తులు. "ఫార్మల్" అని రాస్తే పిల్లలు అప్పు చేసి కొత్త చొక్కా, మెరిసే బూట్లు కొనుక్కుని వస్తారు. కొందరైతే టై కూడా కట్టుకుంటారు. ఈ ఇంటర్వ్యూలో మాటలతోపాటు ట్రేడ్ టెస్ట్ ఉంది, అది ఐటీఐ వర్క్‌షాప్‌లో జరుగుతుంది. ఫిట్టర్లకు ఇనుప ముక్కను ఆకురాయితో కొలతకు తెచ్చి, వెర్నియర్ కాలిపర్‌తో చదివి చెప్పమంటారు. ఎలక్ట్రీషియన్లకు రెండు స్విచ్చులతో మెట్ల దీపం వైరింగ్ ఇస్తారు. అలాంటి చోట టై, చేతికి కడియం, ఉంగరం, జారిపడే చున్నీ ప్రమాదం. యంత్రం దగ్గర వదులుగా వేలాడేది ఏదైనా లాక్కుంటుంది, విద్యుత్తు పని దగ్గర లోహం చేతికి ఉండకూడదు. కాబట్టి నేను అడిగింది అందం గురించి కాదు, పనికి తగిన దుస్తుల గురించి. ఉతికిన ప్యాంటూ చొక్కా చాలు. అమ్మాయిలు చుడీదార్ వేసుకోవచ్చు, చున్నీ పిన్ను పెట్టుకోవాలి లేదా వర్క్‌షాప్‌లో తీసి పక్కన పెట్టాలి, జుట్టు ముడి వేసుకోవాలి. కాలు పూర్తిగా మూసే బూట్లు ఉండాలి, కాన్వాస్ బూట్లయినా సరే. చెప్పులతో వచ్చినవాళ్లను వర్క్‌షాప్‌లోకి రానివ్వరు.

ఇక్కడే ఆ నెలకు సంబంధించిన ఒక సమస్య ఎదురైంది. ఇంటర్వ్యూ తేదీ డిసెంబరు మధ్యలో ఉంది. మా జిల్లాలో అది అయ్యప్ప దీక్షల కాలం. మాల వేసుకున్న కుర్రాళ్లు నల్లబట్టలతో, పాదరక్షలు లేకుండా తిరుగుతారు, గడ్డం గీయించుకోరు. "ప్యాంటు, చొక్కా, బూట్లు, శుభ్రంగా గీసిన గడ్డం" అని రాస్తే వాళ్లంతా తమకు ఆ రోజు దారి లేదనుకుంటారు. హెచ్‌ఆర్ అధికారికి ఈ విషయం తట్టలేదు, ఆయనది వేరే రాష్ట్రం. వివరించాక రెండు రోజులు ఆగి, పై అధికారులను అడిగి సమాధానం చెప్పారు. దీక్షలో ఉన్నవాళ్లు ఆ బట్టల్లోనే ఇంటర్వ్యూకు రావచ్చు. ఉత్త కాళ్లతో వర్క్‌షాప్‌లోకి పంపడం భద్రతరీత్యా కుదరదు కాబట్టి వాళ్ల ట్రేడ్ టెస్ట్‌ను సంక్రాంతి తర్వాత కర్మాగారంలోనే పెడతారు. నాకు ఈ ప్రకటన మొత్తంలో ఎక్కువ సంతృప్తినిచ్చిన వాక్యం ఇదే. ఒక కంపెనీ తన భద్రతా నియమాన్ని సడలించకుండానే, మనవాళ్ల నిష్ఠకు చోటు ఇచ్చింది.

వేదిక దగ్గర పని ఇంకా ఎక్కువ పట్టింది. 2019లో పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక ఆ చుట్టుపక్కల విడిభాగాల కర్మాగారాలు వచ్చాయి. అందువల్ల "పెనుకొండ కంపెనీ" అని చదివినవాళ్లు ఇంటర్వ్యూ కూడా పెనుకొండలోనే అనుకుంటారు. 2022లో జిల్లాలు విడిపోయి పెనుకొండ శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది, అనంతపురం నుంచి అది సుమారు 70 కిలోమీటర్లు. ఒక ఊరికి వెళ్లి రెండో ఊరికి రావడమంటే ఇంటర్వ్యూ పోయినట్టే. అందుకే పని ఎక్కడ, ఇంటర్వ్యూ ఎక్కడ అన్నది మొదటి వాక్యంలోనే విడదీసి చెప్పాను.

ఆ ఐటీఐకి రెండు ప్రాంగణాలు ఉన్నాయి. పాతది ఊరి మధ్యలో, కొత్తది కళ్యాణదుర్గం రోడ్డులో. మ్యాపులో పేరు కొడితే పాతదే ముందు వస్తుంది. నేను స్వయంగా వెళ్లి చూశాను. ఆదివారం పెద్ద గేటుకు తాళం వేసి ఉంటుందని, పక్కనున్న చిన్న గేటే తెరుస్తామని వాచ్‌మన్ చెప్పాడు. అది తెలియకపోతే మనుషులు తాళం చూసి ఇంటర్వ్యూ రద్దయిందనుకుంటారు. మంచినీళ్లు ఎక్కడ ఉన్నాయో, తోడు వచ్చిన తండ్రులూ అన్నలూ ఎక్కడ కూర్చోవచ్చో, దగ్గరలో హోటల్ ఉందో లేదో చూసుకున్నాను. హోటల్ లేదు. కాబట్టి టిఫిన్ తినేసి, మధ్యాహ్నానికి ఏదైనా వెంట తెచ్చుకొమ్మని రాయాల్సి వచ్చింది. అమ్మాయిలకు మరుగుదొడ్డి ఉందా అన్నది కూడా అప్పుడే కనుక్కున్నాను. ఉంది, తాళం తీయించమని మాట తీసుకున్నాను.

సమయం 9:30 అని పెట్టారు కదా. మడకశిర, రాయదుర్గం, కదిరి, గుంతకల్లు వైపు తెలిసినవాళ్లకు ఫోను చేసి, తొలి బస్సెక్కితే అనంతపురం బస్టాండుకు ఎన్నింటికి చేరతారో కనుక్కున్నాను. దూరపు మండలాలవాళ్లు బస్టాండు నుంచి ఆటో ఎక్కి వచ్చేసరికి పది దాటుతుంది. 9:30కు అని ఒక్క సమయమే రాస్తే వాళ్లకు ముందే తలుపు మూసినట్టు. నమోదు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 12:30 వరకు తెరిచి ఉంచి, ఆలోగా టోకెన్ తీసుకున్న ప్రతి ఒక్కరినీ చూసే పంపాలని కంపెనీతో ఒప్పించాం. ముందు వచ్చినవాళ్లకే ఉద్యోగాలు అన్న పుకారు ప్రతిసారీ పుడుతుంది. దాన్ని కొట్టేసే మాట కూడా రాశాను.

జీతం గురించి పెద్దగా చెప్పను, కానీ "ఆకర్షణీయమైన" అన్న మాటను మాత్రం ఒప్పుకోలేదు. అంకె అడిగితే నెలకు 16,000 అన్నారు, అందులో మూల వేతనం 12,000. దాని మీద 12 శాతం పీఎఫ్ అంటే 1,440, మొత్తం మీద 0.75 శాతం ఈఎస్‌ఐ అంటే 120, వృత్తి పన్ను 150. ఇవి పోను చేతికి వచ్చేది 14,290. ఆ అంకెనే పైకి తెచ్చాను. మొదటి నెల జీతం చూసి మోసపోయామనుకుని మానేసేవాళ్లు దీనివల్ల తగ్గుతారు.

ఇక మోసాల సంగతి. మా పాత పోస్టర్లను తీసుకుని, కింద ఫోను నంబరు మార్చి, గేటు పాసు ఫీజు అని డబ్బు వసూలు చేసిన ఉదంతం మాకు తెలుసు. వాట్సాప్‌లో ఒక సందేశం నెలల తరబడి తిరుగుతూ ఉంటుంది. తేదీకి సంవత్సరం లేకపోతే వచ్చే డిసెంబరులో కూడా ఎవరో ఒకరు ఆ గేటు దగ్గరికి వస్తారు. కాబట్టి తేదీ, వారం, సంవత్సరం మూడూ రాసి, ఆ తర్వాత చెల్లదని కూడా రాశాను. డబ్బు అడిగితే ఏం చేయాలో చెప్పి, ఇప్పటికే కట్టినవాళ్ల కోసం సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930 ఇచ్చాను.

ఇవన్నీ చేతిలో పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. మా పాత నమూనా "సువర్ణావకాశం! సువర్ణావకాశం!" అని మొదలవుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ మొత్తానికి 2,200 అక్షరాల దాకా చోటు ఉన్నా, నొక్కకుండా కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే. ఆ వరుసలను సువర్ణావకాశానికి ఖర్చు పెడితే తేదీ, ఊరు లోపల దాక్కుంటాయి. ఇంకో చిక్కు, ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో మ్యాపు లింకు పెట్టినా నొక్కితే తెరుచుకోదు. వాట్సాప్‌లో తెరుచుకుంటుంది. అందుకే దారిని మాటల్లోనే పూర్తిగా చెప్పి, లింకును వాట్సాప్ సందేశానికి మాత్రమే చేర్చాను. రాసిన దాన్ని ధర్మవరంలో ఉండే మా పిన్ని కొడుక్కి ఫోనులో చదివి వినిపించి, "నువ్వు రేపు వెళ్లాలంటే ఇంకా ఏం అడుగుతావు?" అన్నాను. "అక్కా, బయోడేటా టైపు చేయించాలా?" అన్నాడు. చేయించక్కరలేదని, ఫారం అక్కడే ఇస్తారని కనుక్కుని చేర్చాను. చివరికి వెళ్లిన పాఠం ఇది. ఐటీఐ పేరు, మా నంబరు, లింకు ఇక్కడ వదిలేశాను.

> అనంతపురంలో ఇంటర్వ్యూలు: 15 డిసెంబరు 2024, ఆదివారం. పని పెనుకొండ దగ్గర. ఐటీఐ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, డిప్లొమా మెకానికల్.
>
> వయసు 18 నుంచి 26. అబ్బాయిలు, అమ్మాయిలు ఇద్దరూ రావచ్చు. జీతం నెలకు 16,000, కోతలు పోను చేతికి 14,290.
>
> తెచ్చుకోవాల్సినవి: పదో తరగతి మెమో, ఐటీఐ సర్టిఫికెట్టు లేదా డిప్లొమా మెమో, ఆధార్. ఒక్కొక్క జిరాక్సు, రెండు ఫొటోలు, ఒక పెన్ను. ఆధార్ జిరాక్సు బదులు మాస్క్‌డ్ ఆధార్ నకలు ఇవ్వవచ్చు. బయోడేటా ఫారం అక్కడే ఇస్తాం.
>
> ఒరిజినల్ మీ దగ్గర లేకపోతే డిజిలాకర్‌లో తెరిచి చూపించండి. మెమోకు తీసిన ఫొటో చెల్లదు. చేరే రోజుకు ఒరిజినల్ గాని, అది తమ దగ్గర ఉందని కళాశాల ఇచ్చిన లేఖ గాని కావాలి. ఒరిజినల్స్ చూసి వెంటనే ఇచ్చేస్తాం, ఎవరి దగ్గరా వదలవద్దు.
>
> ఆధార్‌లో, మెమోలో పేరు లేదా పుట్టిన తేదీ వేరుగా ఉన్నా రండి. కంగారుగా మార్పించుకోవద్దు.
>
> దుస్తులు: ఉతికిన ప్యాంటు, చొక్కా లేదా చుడీదార్. కొత్తవి కొనవద్దు. ట్రేడ్ టెస్ట్ ఉంది కాబట్టి కాలు మూసే బూట్లు తప్పనిసరి. ఉంగరం, కడియం, గొలుసు వద్దు. జుట్టు ముడి వేసుకోండి. అయ్యప్ప దీక్షలో ఉన్నవారు దీక్షా వస్త్రాలలోనే ఇంటర్వ్యూకు రండి, మీ ట్రేడ్ టెస్ట్ సంక్రాంతి తర్వాత.
>
> వేదిక: కళ్యాణదుర్గం రోడ్డులోని కొత్త ప్రాంగణం. ఊరి మధ్యలో ఉన్న పాత ప్రాంగణం కాదు. ఆర్టీసీ బస్టాండు బయట కళ్యాణదుర్గం రోడ్డు ఆటో ఎక్కండి. పెద్ద గేటుకు తాళం ఉంటుంది, దాని ఎడమవైపు చిన్న గేటులోంచి లోపలికి రండి.
>
> ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 12:30 లోపు టోకెన్ తీసుకోండి. టోకెన్ ఉన్న అందరినీ ఇంటర్వ్యూ చేస్తాం, ముందు వచ్చినవారికే అన్నది లేదు. దగ్గరలో హోటల్ లేదు, తినడానికి ఏదైనా తెచ్చుకోండి. తోడు వచ్చినవారు కూర్చోవడానికి చోటు ఉంది.
>
> ఏ ఫీజూ లేదు. ఎవరైనా అడిగితే ఇవ్వకుండా మాకు ఫోను చేయండి. ఇప్పటికే కట్టి ఉంటే 1930కు ఫిర్యాదు చేయండి. 15 డిసెంబరు 2024 తర్వాత ఈ ప్రకటన చెల్లదు.

చాలా పొడవుగా ఉందని మా సార్ అన్నారు, ఎవరూ చదవరేమోనని భయపడ్డారు. చదివారు. ఉద్యోగం కావాల్సినవాడు తనకు పనికొచ్చే మాట ఉంటే చివరిదాకా చదువుతాడు. పోస్టు పెట్టాక వచ్చిన ఫోన్లలోనే ఆ తేడా తెలిసింది. మామూలుగా "ఎక్కడ, ఎప్పుడు, ఏం తేవాలి" అన్న ప్రశ్నలే రోజంతా వస్తాయి. ఈసారి అవి బాగా తగ్గి, వేరే ప్రశ్నలు వచ్చాయి. హాస్టల్ ఉందా, రాత్రి షిఫ్టు ఉంటే అమ్మాయిలకు బస్సు ఇస్తారా అని తండ్రులు అడిగారు. వాటికి నేను సమాధానం ఇవ్వకుండా కంపెనీ చేతనే చెప్పించాను, ఎందుకంటే ఆ మాట నిలబెట్టుకోవాల్సింది వాళ్లు.

రాయదుర్గం వైపు నుంచి ఫోను చేసిన ఒక డిప్లొమా కుర్రాడి సంగతి చెప్పాలి. అతని ఒరిజినల్స్ కళాశాలలో ఉన్నాయి. గతంలో రెండు కంపెనీల ఇంటర్వ్యూలకు ఈ కారణంగానే వెళ్లలేదట. ప్రకటనలో డిజిలాకర్ అన్న మాట చూసి ఫోను చేశాడు. ఖాతా తెరిచి చూస్తే పదో తరగతి మెమో వచ్చింది, డిప్లొమా మెమో మాత్రం రాలేదు. హెచ్‌ఆర్ అధికారిని అడిగి, అతని హాల్ టికెట్ నంబరుతో ఫలితాల వెబ్‌సైట్ అక్కడికక్కడే తెరిచి చూడటానికి ఒప్పించాను. ఆ రోజు అలాగే చూశారు. అతను ఎంపికయ్యాడు. కళాశాల నుంచి లేఖ తేవడానికి మాత్రం వాళ్ల నాన్న రెండు మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. ఇవ్వడానికి మొదట నిరాకరించారు. బకాయి ఎంత ఉందో, సర్టిఫికెట్లు ఏమేమి తమ దగ్గర ఉన్నాయో మాత్రమే రాయమని, ఇంకేమీ వద్దని అడిగితే రాసిచ్చారు. ఇలా అడగడం కుదురుతుందని ఇప్పుడు ఫోను చేసిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

దీక్షలో ఉన్నవాళ్లు చాలామందే వచ్చారు. వాళ్ల టోకెన్ల మీద విడిగా ఒక గుర్తు పెట్టి, ట్రేడ్ టెస్ట్ జాబితా వేరుగా రాసుకున్నాం. బూట్లు లేకుండా వచ్చినవాళ్లు కొందరు ఉన్నారు. ప్రకటన పూర్తిగా చూడకుండా స్నేహితుడు పంపిన పోస్టరు బొమ్మ ఒక్కటే చూసి వచ్చామన్నారు. బొమ్మను ముందుకు పంపితే దాని కింది పాఠం కొన్నిసార్లు వెంట వెళ్లదు. లోపల పరీక్ష అయిపోయినవాళ్లు తమ బూట్లు విప్పి వాళ్లకు ఇచ్చారు, కొలత సరిపోయినంతవరకు. ఇప్పుడు బూట్లు, చిన్న గేటు, మూడు కాగితాలు అన్న మాటలు బొమ్మ మీదే పడేలా డిజైనరుతో మాట్లాడుకున్నాం.

ఆ రోజు గేటు బయటికి వెళ్తున్న ప్రతి ఒక్కరూ అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే: ఫలితం ఎప్పుడు చెబుతారు? కంపెనీ అప్పటిదాకా దాని మీద మాట ఇవ్వలేదు. ఎంపిక కానివాళ్లకు ఎవరూ ఏమీ చెప్పరు, వాళ్లు వారాల తరబడి ఫోను చూసుకుంటూ మరో ఇంటర్వ్యూకు వెళ్లకుండా ఆగిపోతారు. ఆ సాయంత్రమే హెచ్‌ఆర్ అధికారిని కూర్చోబెట్టి దీని గురించి గట్టిగా మాట్లాడాను. తర్వాతి శుక్రవారానికల్లా అందరికీ సందేశం వెళ్లింది, కానివాళ్లకు కూడా. అప్పటి నుంచి మా ప్రతి ప్రకటనలో ఫీజు మాటకు పైన ఇంకో వరుస ఉంటోంది: "ఎంపికైనా కాకపోయినా శుక్రవారం సాయంత్రంలోగా మీ ఫోనుకు సందేశం వస్తుంది. రాకపోతే శనివారం మాకు ఫోను చేయండి."